హర్రాజులో ఫర్నిచర్: పాట ధర ఒకటి, కట్టేది ఇంకొకటి

పెళ్లిళ్ల కాలం వస్తే అనంతపురం, కదిరి, గుంతకల్లు వైపు కుటుంబాలు మంచం, బీరువా, డైనింగ్ టేబుల్ కోసం బెంగళూరు, హైదరాబాద్ వేలంపాటల వైపు కూడా చూస్తుంటాయి. పాత టేకు సామాను అక్కడ చవగ్గా దొరకొచ్చు. అయితే మూడోసారి పిలిచి సుత్తి కొట్టిన రేటు బిల్లు మొత్తం కాదు. దాని మీద బయ్యర్స్ ప్రీమియం, ఆపైన జీఎస్టీ పడతాయి.

బయ్యర్స్ ప్రీమియం అంటే వేలం సంస్థ కొనేవాళ్ల దగ్గర తీసుకునే కమీషన్. ఇది పాట ధరలో ఇంత శాతం అని ముందే షరతుల్లో రాసి ఉంటుంది. సర్కారు ఆఫీసులు పాత కుర్చీలు, బల్లలు హర్రాజు వేసినప్పుడు సాధారణంగా ఇది ఉండదు. ప్రైవేటు వేలం సంస్థల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. టేకు మంచం, బీరువా కలిపి ఒక లాట్. 40,000 రూపాయలకు పాట మనకు వచ్చింది. ప్రీమియం 15 శాతం అనుకుందాం, అది 6,000. రెండూ కలిపి 46,000. చెక్క ఫర్నిచర్ మీద జీఎస్టీ 18 శాతం, వేలం సంస్థ కమీషన్ మీద కూడా 18 శాతమే. 46,000 మీద 18 శాతం అంటే 8,280. అంతా కలిపి 54,280 రూపాయలు.

చాలామంది ఇక్కడే తప్పుతారు. 15, 18 కలిపితే 33 శాతం కదా అని 40,000కు 13,200 కలిపి 53,200 అనుకుంటారు. బిల్లు చేతికొచ్చాక 1,080 తక్కువ పడుతుంది. ఆ 1,080 ఏంటంటే, 6,000 ప్రీమియం మీద పడిన పన్ను. ప్రీమియం కూడా పన్నుకు లోబడేదే కాబట్టి శాతాలను ఊరికే కూడితే కుదరదు.

ఇంకో పెద్ద తేడా ఉంది. పన్ను పాట ధర మీద కూడా పడుతుందా, ప్రీమియం మీద మాత్రమేనా? ఇది బిల్లు ఎవరి పేరు మీద వస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. 2018 సెప్టెంబర్ 4న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 57వ నంబర్ సర్క్యులర్‌లో దీనికి ఉదాహరణే ఉంది. ఒక చిత్రకారుడి బొమ్మను వేలందారు అమ్మి, బిల్లు తన సొంత పేరు మీదే ఇస్తే, ఆ సరుకు సరఫరాలో వేలందారు కూడా ఏజెంటుగా లెక్కలోకి వస్తాడు. అలాంటప్పుడు సరుకు ధర మీద పన్ను వేలందారు బిల్లులోనే కనిపిస్తుంది. అలా కాకుండా, అమ్మేది జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని మామూలు కుటుంబమై, సరుకు బిల్లు వాళ్ల పేరు మీదే వస్తే, వేలం సంస్థ తన కమీషన్ మీద మాత్రమే పన్ను వేస్తుంది. అప్పుడు మన లెక్క 40,000, 6,000, 1,080 కలిపి 47,080తో ఆగిపోతుంది. రెండింటికీ తేడా 7,200 రూపాయలు. కాబట్టి పాటకు దిగేముందే “సరుకు బిల్లు ఎవరి పేరు మీద ఇస్తారు, పాట ధర మీద జీఎస్టీ ఉందా” అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

బేతం, వెదురు కుర్చీలైతే లెక్క మారుతుంది. పూర్తిగా వాటితోనే చేసిన ఫర్నిచర్ మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను 5 శాతమే. కమీషన్ మీద మాత్రం 18 శాతమే ఉంటుంది. అందుకే బిల్లులో సరుకు, ప్రీమియం వేర్వేరు లైన్లలో ఉన్నాయో లేదో చూడాలి.

చేతిలో ఉన్న డబ్బును బట్టి ఎంతవరకు పాడొచ్చో తెలియాలంటే లెక్క వెనక్కి వేయాలి. టేకు సామానుకు 50,000 దాటకూడదనుకుంటే, రెండింటి మీదా పన్ను ఉన్న చోట 50,000ను 1.357తో భాగించండి. సుమారు 36,800 దగ్గర ఆగిపోవాలి. ప్రీమియం మీద మాత్రమే పన్నుంటే 1.177తో భాగిస్తే 42,400 వరకు వెళ్లొచ్చు. ఈ అంకెలు 15 శాతం ప్రీమియానికే. శాతం మారితే ఇవీ మారతాయి.

బిల్లు వచ్చాక జీఎస్టీ నంబర్ చూడండి. అందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండంకెలు కర్ణాటకకు 29, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ పేరుతో రూపాయి కూడా వసూలు చేయకూడదు. పన్ను రెండు తొమ్మిదులుగా విడగొట్టి రాసినా, ఒకే 18గా రాసినా మొత్తం ఒక్కటే.

లారీ కిరాయి, ఎత్తడం దించడం కూలీ, గడువు దాటితే గోదాం అద్దె ఇందులో లేవు. వేలంలో సరుకు ఎలా ఉంటే అలాగే తీసుకోవాలి, వాపసు ఉండదు. పైగా మన పొడి గాలికి చెక్క కుదించుకుని జాయింట్లు వదులవుతాయి. ముందే ఊగుతున్న మంచమైతే వడ్రంగి ఖర్చు కూడా కలుపుకుని, అప్పుడే చెయ్యెత్తండి.