రంజాన్ ఒకటో తేదీన ఇంటి పద్దు: పెరిగింది ఆస్తా, ధరా?

కలకడ, మదనపల్లె చుట్టుపక్కల చాలా ముస్లిం ఇళ్లలో ఏడాదికోసారి ఒక లెక్క ఎలాగూ జరుగుతుంది. రంజాన్ వస్తే జకాత్ ఎంత ఇవ్వాలో చూసుకుంటారు. అదే రోజు ఇంకో గంట కూర్చుంటే కుటుంబానికి మొత్తం ఎంత ఉంది, ఎంత అప్పుంది, చివరికి మిగిలేదెంత అన్నది కూడా తేలుతుంది. బ్యాంకుల్లో దీన్నే బ్యాలెన్స్ షీట్ అంటారు. ఆస్తుల మొత్తంలోంచి అప్పుల మొత్తం తీసేస్తే వచ్చేది నికర ఆస్తి. దీనికి ఒక నోటుబుక్కు చాలు.

ముందుగా తేదీ. ఏ రోజు ఎంచుకున్నా ఏటా అదే రోజు ఉండాలి. రంజాన్ ఒకటి పెట్టుకుంటే గుర్తుంటుంది, కానీ హిజ్రీ ఏడాది దాదాపు 354 రోజులే. అందుకే తేదీ ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. మూడేళ్లకు నెల రోజుల తేడా వచ్చేస్తుంది. టమాటా మీద బతికే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఒక ఏడు లెక్క రాసే రోజుకు పంట డబ్బు చేతికొచ్చి ఉంటుంది, ఇంకో ఏడు అదే డబ్బు ఎరువుల్లో, మందుల్లో ఉంటుంది. 2023 జులైలో మదనపల్లె యార్డులో కిలో టమాటా వంద రూపాయలు దాటింది. అలాంటి నెల తర్వాత రాసిన లెక్కను మామూలు ఏడాదితో పోల్చితే మోసపోతాం. పేజీ పైన 'పంట డబ్బు వచ్చింది', లేదంటే 'రాలేదు' అని ఒక్క మాట రాసిపెట్టుకోవాలి.

రెండోది, ఎవరి పేరు మీద ఏముందో విడిగా రాయాలి. ఇంటావిడ నగలు ఆమెవి, కొడుకు కువైట్ నుంచి పంపి తన పేరున వేయించిన డిపాజిట్ కొడుకుది. షరీఅత్‌లో జకాత్ మనిషి మనిషికీ విడిగా లెక్క కాబట్టి ఈ విభజన ఎలాగూ కావాలి. భర్త ఇంకా ఇవ్వని మెహర్ ఉంటే అది అతని వైపు అప్పు, ఆమె వైపు ఆస్తి. కుటుంబం మొత్తం కలిపితే రెండూ కొట్టుకుపోతాయి కానీ విడి పేజీల్లో మాత్రం కనబడాలి. చాలా ఇళ్లలో ఈ ఒక్క పద్దు ఎప్పుడూ రాయరు.

ధరలు కట్టే చోటే ఎక్కువ తప్పులు జరుగుతాయి. నగను కొన్న బిల్లు చూసి రాయకూడదు. బిల్లులో తరుగు, మజూరీ, పన్ను ఉంటాయి, అమ్మేటప్పుడు అవేవీ తిరిగిరావు. రాళ్లు తీసేసిన బరువును ఆ రోజు 22 క్యారెట్ ధరతో గుణించాలి. సవర్లలో చెప్పుకుంటే సవరకు 8 గ్రాములు. నగ కుదువలో ఉంటే దాన్ని ఆస్తిలోంచి తీసేయకూడదు. పూర్తి విలువ ఆస్తి వైపు, తీసుకున్న అప్పు అప్పుల వైపు రాయాలి. పొలం ధరకు పక్క పొలం నిజంగా ఎంతకు అమ్ముడయిందన్నదే ఆధారం. ఎవరూ అమ్మకపోతే పాత ధరే ఉంచడం మంచిది. ఉంటున్న ఇంటికి ఏటా ధర పెంచుకుంటూ పోవడం ఉత్త సంతోషం కోసమే. చీటీ పాడుకోకముందు కట్టిన వాయిదాలు ఆస్తి, పాడుకున్నాక మిగిలిన వాయిదాలు అప్పు.

కలకడలో చిన్న కిరాణా కొట్టు, ఎకరా పొలం ఉన్న ఒక కుటుంబం అనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండడానికి బంగారం గ్రాము పోయినేడు 6,000, ఈ ఏడు 8,000 అని పెట్టుకుందాం.

| పద్దు | పోయినేడు | ఈ ఏడు |
|---|---|---|
| ఇల్లు | 15,00,000 | 15,00,000 |
| పొలం | 12,00,000 | 13,00,000 |
| బంగారం (80 గ్రా., తర్వాత 72 గ్రా.) | 4,80,000 | 5,76,000 |
| కొట్టు సరుకు | 1,50,000 | 1,40,000 |
| అరువు రావలసింది | 60,000 | 1,10,000 |
| చేతిలో, బ్యాంకులో | 90,000 | 34,000 |
| మొత్తం ఆస్తి | 34,80,000 | 36,60,000 |
| హోల్‌సేల్ కొట్టు బాకీ | 70,000 | 1,60,000 |
| చీటీ వాయిదాలు | 1,10,000 | 50,000 |
| మొత్తం అప్పు | 1,80,000 | 2,10,000 |
| నికర ఆస్తి | 33,00,000 | 34,50,000 |

పైకి చూస్తే ఏడాదిలో లక్షన్నర పెరిగింది. ఇక్కడే ఆగిపోతే లెక్క రాసిన ఫలితం లేదు. ఆ పెరుగుదలలో ధర వల్ల వచ్చింది ఎంతో విడదీయాలి. పొలం ధర లక్ష పెరిగింది. మిగిలి ఉన్న 72 గ్రాముల మీద గ్రాముకు 2,000 చొప్పున 1,44,000 పెరిగింది. రెండూ కలిపితే 2,44,000. కానీ నికర ఆస్తి పెరిగింది 1,50,000 మాత్రమే. అంటే ధరలు కదలకుండా ఉండి ఉంటే ఈ ఇల్లు 94,000 వెనక్కి పోయేది. ఒక సవర బంగారం స్కూలు ఫీజుకు అమ్మేశారు, చేతి డబ్బు 56,000 తగ్గింది, అప్పు 30,000 పెరిగింది. సంపాదన కంటే ఖర్చు ఎక్కువైన ఏడాది ఇది. బంగారం రేటు దాన్ని కప్పేసింది.

ఇంకో గీత కింద చూడాల్సింది అరువు. 60,000 ఉన్నది 1,10,000 అయింది. అదే సమయంలో హోల్‌సేల్ కొట్టు బాకీ 90,000 పెరిగింది. ఊరికి అరువిస్తున్నది హోల్‌సేల్ వాళ్ల డబ్బుతోనన్నమాట. వాళ్లు ఒక్కసారి గట్టిగా అడిగితే చేతిలో ఉన్నది 34,000. నికర ఆస్తి ముప్పైనాలుగున్నర లక్షలున్నా ఇల్లు, పొలం ఒక్క వారంలో డబ్బుగా మారవు. ఏడాది దాటిన అరువును పేరు పేరునా చూసి, రాదనిపిస్తే కొట్టేయాలి. అలా 40,000 కొట్టేస్తే లక్షన్నర పెరుగుదల 1,10,000కి దిగుతుంది. లెక్క మాత్రం నిజానికి దగ్గరవుతుంది.

జకాత్ లెక్క ఇదే పేజీలోంచి తీయొచ్చు గానీ రెండూ ఒకటి కావు. ఉంటున్న ఇల్లు, సాగు పొలం జకాత్‌లోకి రావు, పంటకు ఉష్ర్ విడిగా ఉంది. కొట్టు యజమాని వరకు సరుకు, వచ్చే నమ్మకమున్న అరువు, డబ్బు కలిపి, బాకీలు తీసేస్తే, ఏమీ కొట్టేయకముందు, 74,000 మిగులుతుంది. అది ఆ రోజు 612.36 గ్రాముల వెండి విలువకు తగ్గకుండా ఉంటే, ఏడాది షరతు కూడా తీరితే, నలభయ్యో వంతు 1,850 ఇవ్వాలి. ఇంటావిడ 72 గ్రాములు ఆమె లెక్క. బంగారం ఒక్కటే ఉంటే నిసాబ్ 87.48 గ్రాములు. దానితోపాటు ఆమెకు డబ్బు కూడా ఉంటే హనఫీ పద్ధతిలో రెండూ కలిపి చూస్తారు, అప్పుడు వెండి నిసాబే కొలత అవుతుంది. చీటీ వాయిదాల్లాంటి దూరపు అప్పుల్లో ఎంతవరకు తీసేయొచ్చన్నదానిపై ఉలమాల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. పేజీ పట్టుకెళ్లి ఊరి మౌలానాను అడగడమే తేలిక. పద్దులన్నీ రాసి ఉంటే ఆయనకూ జవాబు చెప్పడం సులువవుతుంది.

బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో పడే వడ్డీని వాడుకోకుండా ఇచ్చేసే ఇళ్లు దాన్ని ఆస్తిలో కలపకుండా విడి గీతలో రాసుకోవాలి. లేకపోతే ఇచ్చేసిన ఏడాది నికర ఆస్తి ఊరికే తగ్గినట్టు కనబడుతుంది.

మొదటి ఏడాది పేజీ పెద్దగా ఏమీ చెప్పదు. రెండో ఏడాది పోల్చవచ్చు. మూడో ఏడాదికి అరువు ఏటా పెరుగుతోందా, బంగారం గ్రాములు ఏటా తగ్గుతున్నాయా అన్నది తెలుస్తుంది. అందుకే రూపాయల పక్కన గ్రాములు, ఎకరాలు తప్పకుండా రాయాలి. రూపాయి గడి పెరుగుతున్నా గ్రాముల గడి 80, 72, 64 అని దిగుతూ ఉంటే, ఆ ఇల్లు నగలమ్మి నడుస్తోందని అర్థం.