తిరిగొచ్చేవారి జీతం పన్ను: తొమ్మిదేళ్ల రక్షణ రెండేళ్లయిన కథ

దుబాయ్‌లో పన్నెండేళ్లు పనిచేసి నిజామాబాద్ తిరిగొచ్చిన ఇంజినీరు ఉన్నాడనుకుందాం. ఆ ఏడాది ఏప్రిల్, మే, జూన్ నెలల్లో దుబాయ్‌లో తీసుకున్న జీతం మీద భారత ప్రభుత్వానికి పన్ను కట్టాలా? ఆదాయ పన్ను చట్టం ముందుగా అతని పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగదు, సొంత ఇల్లు ఎక్కడుందని కూడా అడగదు. ఈ దేశపు నేల మీద ఎన్ని రోజులున్నావని అడుగుతుంది. ఆ ఏడాదే కాదు, వెనకటి పదేళ్లూ తవ్వి అడుగుతుంది. ఈ రోజుల లెక్క 1939లో మొదలైంది.

అంతకుముందున్న 1922 ఆదాయ పన్ను చట్టానికి మనిషి ఎక్కడ ఉంటున్నాడన్నది పెద్ద విషయం కాదు. సొమ్ము బ్రిటిష్ ఇండియాలో పుట్టిందా, లేక ఇక్కడికి చేరిందా అన్నదే దానికి ముఖ్యం. ఇక్కడే కాపురముంటూ బయటి దేశాల్లో సంపాదించి, ఆ డబ్బును అక్కడే ఉంచేసుకున్నవారు పన్ను వలలో పడేవారు కాదు. ఈ లొసుగు మీద 1936లో ఒక విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. ఆ సంఘంలో ఎస్.పి. ఛాంబర్స్ అనే ఆంగ్లేయ అధికారి ఒకరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో జీతం ఇచ్చేటప్పుడే పన్ను మినహాయించే పద్ధతికి రూపం ఇచ్చింది కూడా ఆయనే. ఆ నివేదిక తర్వాత వచ్చిన 1939 సవరణతో చట్టంలోకి 4ఎ, 4బి అనే రెండు సెక్షన్లు చేరాయి.

4ఎ నివాసి ఎవరో చెప్పింది. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటే నివాసి. ఇక్కడ నివాసానికి ఇల్లు ఉంచుకుని, ఏడాదిలో కొద్ది రోజులు వచ్చిపోయినా నివాసే అయ్యే నిబంధన కూడా అందులో ఉండేది. నివాసి అయితే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ లెక్క చెప్పాలి. అప్పట్లో ఈ నిబంధన బ్రిటిష్ ఇండియాకే. బెజవాడ లోపల, నైజాం హైదరాబాద్ బయట. హైదరాబాద్‌కు భారత ఆదాయ పన్ను చట్టం 1950లో గానీ వర్తించలేదు.

అసలు కథంతా 4బిలో ఉంది. నివాసే గానీ ఇక్కడ స్థిరంగా పాతుకోనివాడు అనే మధ్య తరగతిని అది సృష్టించింది. ఇప్పుడు ఆడిటర్లు దీన్ని ఆర్‌ఎన్‌ఓఆర్ అంటున్నారు. ఈ తరగతివారు ఇక్కడి సంపాదన మీద పన్ను కడతారు. బయట చేసిన ఉద్యోగానికి బయట అందుకున్న జీతం మీద కట్టనక్కర్లేదు. కొన్నేళ్ల కొలువు కోసం ఈ దేశానికి వచ్చిన పరాయి దేశస్థులకు ఈ ఏర్పాటు బాగా సరిపోయింది. దశాబ్దాల తర్వాత అదే ఏర్పాటు కరీంనగర్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కూ, హైదరాబాద్, విజయవాడల నుంచి అమెరికాకూ వెళ్లి తిరిగొచ్చేవారికి అక్కరకొచ్చింది.

1961 చట్టం ఈ నిబంధనలను 6వ సెక్షన్‌లోకి తెచ్చింది. ఇల్లు ఉంచుకున్నంత మాత్రాన నివాసి అయ్యే నిబంధనను 1982లో తీసేశారు. ఊళ్లో తల్లిదండ్రులకు ఇల్లు కట్టించిన వలస ఉద్యోగికి అది పెద్ద ఊరట. ఉద్యోగానికి వెళ్లే పౌరులకూ, సెలవుకు వచ్చిపోయే పౌరులకూ మరికొన్ని సడలింపులు దశలవారీగా వచ్చాయి. ఆర్‌ఎన్‌ఓఆర్ నిబంధన భాష మాత్రం చాలాకాలం 1939 నాటిదే.

ఆ భాషలోనే చిక్కు ఉంది. వెనకటి పదేళ్లలో తొమ్మిదేళ్లు నివాసిగా లేనివారికి ఈ తరగతి వర్తిస్తుందని చట్టం చెప్పింది. తొమ్మిదేళ్లపాటు విదేశంలోనే ఉన్నవాడని దీనికి అర్థమా? లేక తొమ్మిదేళ్ల నివాసం ఇంకా పూర్తికానివాడనా? మొదటి అర్థం తీసుకుంటే తిరిగొచ్చినవారికి రక్షణ రెండేళ్లే. రెండోది తీసుకుంటే తొమ్మిదేళ్లు. రెండో అర్థమే సరైనదని బొంబాయి హైకోర్టు 1953లోనే చెప్పింది. 2002లో గుజరాత్ హైకోర్టు మొదటి అర్థం వైపు మొగ్గింది. విదేశీ ఓడల కంపెనీలో పనిచేసిన ఒక ఉద్యోగి ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2008లో ఆయనే గెలిచారు.

కానీ అప్పటికే ఆ గెలుపు పాత సంవత్సరాలకే పనికొచ్చేది. జస్వంత్ సింగ్ ఆర్థిక మంత్రిగా ఉండగా 2003 ఫైనాన్స్ చట్టం ఆ వాక్యాన్ని తిరగరాసింది. వెనకటి పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్ అయి ఉండాలి, లేదా వెనకటి ఏడేళ్లలో ఇక్కడ ఉన్న రోజులు 729 దాటకూడదు. ఈ రెండింట్లో ఏదో ఒకటి కుదిరితేనే ఆర్‌ఎన్‌ఓఆర్. తొమ్మిదేళ్ల గొడుగు ఆ ఒక్క సవరణతో రెండు మూడేళ్లకు ముడుచుకుంది. చట్టంలోని అస్పష్టత పోవడం న్యాయమే. కానీ జీవితమంతా బయట కష్టపడినవారికి సర్దుకునే వ్యవధి ఇంత తగ్గించడం మాత్రం కఠినమైన నిర్ణయం.

ఇప్పుడు మన నిజామాబాద్ ఇంజినీరు దగ్గరికి వద్దాం. అతను 2025 జూలై 1న శాశ్వతంగా వచ్చేశాడు. 2026 మార్చి 31 వరకు లెక్కిస్తే 274 రోజులు. 182 దాటాయి కాబట్టి 2025-26లో నివాసి. వెనకటి పదేళ్లూ నాన్ రెసిడెంటే కాబట్టి ఆర్‌ఎన్‌ఓఆర్ కూడా. దుబాయ్‌లో నెలకు మన రూపాయల్లో 5 లక్షలు వచ్చేవి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ 15 లక్షలు అక్కడి బ్యాంకులోనే పడ్డాయి. దాని మీద ఇక్కడ పన్ను లేదు. జూలై నుంచి హైదరాబాద్ కంపెనీ ఇచ్చిన నెలకు 3 లక్షల జీతం మీద మాత్రం అందరిలాగే కట్టాలి. ఈ మధ్య తరగతి లేకపోతే ఏమయ్యేది? హైదరాబాద్ జీతంతోనే అతను కొత్త విధానంలో 30 శాతం శ్లాబుకు చేరాడు. కాబట్టి దుబాయ్ 15 లక్షల మీద నాలుగున్నర లక్షల పన్ను, దానిపై 4 శాతం సెస్, మొత్తం 4 లక్షల 68 వేలు పడేది. దుబాయ్‌లో జీతం మీద పన్ను లేదు కనుక అక్కడ కట్టిందని తగ్గించుకోవడానికి కూడా ఏమీ ఉండదు.

మరుసటి ఏడాది, 2026-27లోనూ అతను ఆర్‌ఎన్‌ఓఆరే. దుబాయ్ కంపెనీ పాత పనికి బకాయి పడ్డ బోనస్‌ను అప్పుడు అక్కడి ఖాతాలో వేసినా ఇక్కడ పన్ను రాదు. 2027-28లో తొమ్మిదేళ్ల పరీక్ష పోతుంది. 729 రోజుల పరీక్ష మిగులుతుంది. వచ్చాక గడిచిన 274, 365 కలిపితే 639. అంతకుముందు ఐదేళ్లలో సెలవులకు వచ్చిన రోజులు 90 లోపుంటే, అంటే సగటున ఏటా 18 రోజులకు మించకపోతే, మూడో ఏడాది కూడా రక్షణ దొరుకుతుంది. ఏటా నెల రోజులు ఇంటికి వచ్చినవాడికి దొరకదు.

పన్నెండేళ్లు ఉన్నవారి లెక్క ఇది. మూడేళ్లలోపే తిరిగొచ్చేవారి పరిస్థితి వేరు, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 2023 జూన్‌లో ప్రాజెక్టు మీద అమెరికా వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని 2026 జనవరి 20న హైదరాబాద్‌లో దిగింది. మార్చి 31కి 71 రోజులే కాబట్టి ఈ ఏడాదికి నాన్ రెసిడెంట్‌నే అనుకుంటుంది. కాదు. వెనకటి నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ ఉన్నవారికి ఏడాదిలో 60 రోజులు చాలు, నివాసి అయిపోతారు. ఆమె వెళ్లకముందు హైదరాబాద్‌లోనే ఉండేది కాబట్టి ఆ 365 ఎప్పుడో దాటాయి. సెలవుకు వచ్చిపోయేవారికి ఉన్న సడలింపు శాశ్వతంగా వచ్చేసినవారికి వర్తించదు. ఏడేళ్లలో 729 కూడా దాటింది కాబట్టి మధ్య తరగతీ దక్కదు. అంటే 2025 ఏప్రిల్ నుంచి అమెరికాలో తీసుకున్న జీతమంతా ఇక్కడి రిటర్నులో చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకు రెండు దేశాల ఒప్పందం ప్రకారం తగ్గింపు వస్తుంది గానీ, అందుకు ఫారం 67 దాఖలు చేయాలి, ఇక్కడి పన్ను ఎక్కువైతే తేడా కట్టాలి. అంతకుముందు ఆ ఏడాది ఇండియాకు రాకుండా ఫిబ్రవరి 1న దిగి ఉంటే లెక్క 59 రోజులు. నాన్ రెసిడెంట్. దిగిన రోజును లెక్కలో కలపాలా వద్దా అన్న దాని మీదే ట్రిబ్యునళ్లలో వాదనలు జరిగాయి కాబట్టి, సరిగ్గా అంచు మీద టికెట్ తీసుకోకుండా నాలుగు రోజులు ఎడం ఉంచుకోవడం మంచిది.

రోజుల లెక్క కుదిరినా జీతం విషయంలో రెండు పొరపాట్లు ఆ రక్షణను పోగొడతాయి. మొదటిది, తిరిగొచ్చి ఇంట్లో కూర్చుని అమెరికా కంపెనీకే పనిచేయడం. పని ఇక్కడ జరిగితే జీతం ఇక్కడ పుట్టినట్టే. డాలర్లలో ఇచ్చినా, అమెరికా బ్యాంకులో వేసినా, మనిషి ఏ తరగతివాడైనా పన్ను పడుతుంది. రెండోది, విదేశీ కంపెనీ జీతాన్ని నేరుగా ఇక్కడి ఖాతాలో వేయించుకోవడం. చట్టం ప్రకారం ఇక్కడ మొదటిసారి అందుకున్న ఆదాయం ఇక్కడి ఆదాయమే. అక్కడ అందుకున్నాక ఇంటికి పంపుకుంటే ఆ చిక్కు లేదు. ఓడల్లో పనిచేసే నాన్ రెసిడెంట్ ఉద్యోగులకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా విషయంలో 2017లో పన్నుల బోర్డు ప్రత్యేకంగా సర్క్యులర్ ఇచ్చి ఊరట కల్పించింది. ఆ ఊరట ఓడల వారికే.

2020 ఫిబ్రవరి 1 బడ్జెట్‌తో గల్ఫ్ కుటుంబాల్లో గుబులు పుట్టింది. ఏ దేశంలోనూ పన్ను కట్టని భారత పౌరులను ఇక్కడి నివాసులుగా భావిస్తామన్న ప్రతిపాదన అందులో ఉంది. నిజాయితీగా ఉద్యోగం చేసుకుంటున్నవారి గల్ఫ్ జీతం మీద పన్ను వేసే ఉద్దేశం లేదని మర్నాడే ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. చివరికి ఆమోదం పొందిన చట్టంలో ఆ నిబంధన ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవారికే పరిమితమైంది. వారినీ ఆర్‌ఎన్‌ఓఆర్ తరగతిలోనే పెట్టారు కాబట్టి గల్ఫ్ జీతం బయటే ఉండిపోయింది. 1939 నాటి ఆ మధ్య తరగతి అలా మరోసారి అక్కరకొచ్చింది.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయ పన్ను చట్టం అమల్లోకి వచ్చినా 182, 60, 365, 729 అంకెలు అలాగే ఉన్నాయి. కాబట్టి తిరిగొచ్చే ఆలోచన ఉన్నవారు టికెట్ కొనే ముందే పాస్‌పోర్టులోని ముద్రలు చూసి, వెనకటి పదేళ్లలో ఏ ఏడాది ఎన్ని రోజులు ఇక్కడ ఉన్నారో ఒక కాగితం మీద రాసుకోండి. పాత పాస్‌పోర్టులు, విదేశీ జీతపు స్లిప్పులు, అక్కడి బ్యాంకు స్టేట్‌మెంట్లు పారేయకండి. ఏ పనికి, ఏ దేశంలో, ఏ ఖాతాలోకి జీతం వచ్చిందో అధికారి అడిగిన రోజున చూపించడానికి ఉండే ఆధారాలు అవే.