దీర్ఘ వాక్యాలలో కర్తృ క్రియల పొందిక

కర్తృ క్రియల పొందిక అనగా వాక్యములోని కర్త యొక్క లింగ, వచన, పురుషలకు తగినట్లు సమాపక క్రియ తన చివరి ప్రత్యయాన్ని మార్చుకొనుట. దీనినే కర్తృ క్రియాన్వయమని కూడా అంటారు. "రాముడు వచ్చాడు", "సీత వచ్చింది" వంటి పొట్టి వాక్యాలలో ఎవరూ పొరపడరు. కర్తకూ క్రియకూ నడుమ పొడవైన పదబంధం చేరినప్పుడు మాత్రం, వాక్యం మొదట వ్రాసిన కర్తను వ్రాసేవారే మరచి, క్రియకు దగ్గరగా ఉన్న వేరొక నామవాచకాన్ని బట్టి క్రియను ముగించడం తరచుగా కనిపిస్తుంది. తెలుగులో ఈ పొరపాటు ఎలా కలుగుతుందో, దానిని ఎలా గుర్తించవచ్చునో ఈ వ్యాసంలో చూడవచ్చును.

పొందిక కనబడే చోటు

నేటి తెలుగులో ప్రథమ పురుష క్రియకు నాలుగు రూపాలున్నాయి. మహద్వాచక ఏకవచనానికి "వచ్చాడు", స్త్రీవాచక ఏకవచనానికి, అమహద్వాచక ఏకవచనానికి "వచ్చింది", మనుష్యుల బహువచనానికి "వచ్చారు", అమహద్వాచక బహువచనానికి "వచ్చాయి". స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తుతోను, బహువచనంలో మహత్తుతోను కలియడం తెలుగు ప్రత్యేకత. మాండలికాలలో రూపం మారినా (తెలంగాణలో వచ్చిండు, వచ్చింది, వచ్చిన్రు, వచ్చినయి) ఈ నాలుగు విభాగాలు అలాగే నిలుస్తాయి.

ఈ ప్రత్యయాలు సమాపక క్రియకు మాత్రమే చేరుతాయి. "వచ్చి", "వస్తూ", "వస్తే" వంటి అసమాపక క్రియలకు గాని, "వచ్చిన", "వచ్చే" వంటి క్రియాజన్య విశేషణాలకు గాని పొందిక లేదు. కాబట్టి ఎంత పొడవైన వాక్యమైనా పొందిక భారమంతా చిట్టచివరి పదం మీదనే పడుతుంది. కర్త సాధారణంగా ముందు, క్రియ చివర ఉండే భాష గనుక, వాక్యంలో ఏది చేర్చినా అది చాలావరకు ఆ రెండింటి నడుమనే చేరుతుంది. ఇంగ్లీషులో క్రియ కర్త వెంటనే రావడం వలన కర్మ మొదలైనవి క్రియ తరువాతికి పోతాయి. తెలుగులో ఆ వెసులుబాటు లేదు.

ఒక ఉదాహరణ

క్రింది వాక్యాన్ని పరిశీలించండి.

"విజయవాడ వద్ద కృష్ణానదిపై 1855లో పూర్తయి, దాదాపు నూరు సంవత్సరాలపాటు డెల్టా కాలువలకు నీరందించిన ఆనకట్ట 1952లో వచ్చిన వరదలకు తెగిపోయింది."

ఇందులో సంవత్సరాలు, కాలువలు, వరదలు అనే మూడు బహువచనాలున్నాయి. అయినను "తెగిపోయాయి" అని వ్రాసేవారు తక్కువ. కారణం, ఆ మూడింటికీ ఏదో ఒక గుర్తు ఉన్నది. "సంవత్సరాలపాటు" అన్నప్పుడు పాటు, "కాలువలకు", "వరదలకు" అన్నప్పుడు కు ప్రత్యయం అవి కర్తలు కావని చెప్పుచున్నవి. ప్రథమా విభక్తిలో ఉండి క్రియతో కలియగల పదం "ఆనకట్ట" ఒక్కటే. అనగా, నడుమ వచ్చే పదబంధం పొడవు మాత్రమే తప్పుకు కారణం కాదు. విభక్తులు స్పష్టంగా ఉన్నంతవరకు తెలుగు వాక్యం చాలా పొడవును భరించగలదు.

ఇప్పుడు ఈ వాక్యాన్ని చూడండి.

"ఆ ఆనకట్ట స్థానంలో 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి, నదికి ఇరువైపులా సాగే కాలువల ద్వారా డెల్టాలోని లక్షలాది ఎకరాల పొలాలు తడుపుతున్నాయి."

ఇది తప్పు. కర్త "బ్యారేజి", కనుక "తడుపుతున్నది" అని ఉండవలెను. కాని తొందరగా చదివేవారికి ఈ తప్పు కనబడదు. మొదటి వాక్యంలో జరగని పొరపాటు ఇక్కడ జరగడానికి కారణం "పొలాలు" అనే కర్మపదం.

ప్రత్యయం లేని కర్మ

అమహద్వాచకం కర్మగా ఉన్నప్పుడు ద్వితీయా విభక్తి ప్రత్యయమైన ను, ని లను వదలివేయడం తెలుగులో సర్వసాధారణం. "పుస్తకాన్ని చదివాను" అనడానికి బదులు "పుస్తకం చదివాను" అంటాము. మనుష్యుల విషయంలో ఇలా వదలము. "కొడుకును పిలిచాడు" అనాలి గాని "కొడుకు పిలిచాడు" అంటే అర్థమే తిరగబడుతుంది. ప్రత్యయం వదలిన కర్మ ప్రథమా విభక్తి రూపంతో సమానంగా ఉంటుంది. పైగా తెలుగులో కర్మస్థానం క్రియకు సరిగ్గా ముందు. ఈ రెండు కారణాల వలన, కర్తకు దూరమైన క్రియ పక్కన, అచ్చం కర్తవలె కనిపించే పదం ఒకటి వచ్చి నిలుస్తుంది. దీర్ఘ వాక్యాలలో పొందిక చెడే సందర్భాలలో చిక్కైనది ఇదే.

"గత ఏడాది జిల్లా స్థాయి క్రీడలలో పాల్గొన్న మా ఊరి ఉన్నత పాఠశాల పరుగు పందెంలోను, కబడ్డీలోను నాలుగు పతకాలు గెలుచుకున్నాయి" అని వ్రాసినవారు పతకాలను కర్తగా చేసినారు. నోటితో చెప్పినప్పుడు ఇది సరిగానే ఉన్నట్లు వినబడుతుంది కూడా.

దీనికి మందు సులభమే. కర్మకు ప్రత్యయాన్ని తిరిగి చేర్చి చదవాలి. "పొలాలను తడుపుతున్నాయి", "పతకాలను గెలుచుకున్నాయి" అనగానే, ఎవరు, ఏవి అన్న ప్రశ్న లేచి దృష్టి వెనుకకు పోతుంది. కర్త బ్యారేజి అని, పాఠశాల అని తెలిసిపోతుంది. పొట్టి వాక్యంలో ను ప్రత్యయం అనవసరమనిపించినా, కర్తకూ క్రియకూ దూరం పెరిగిన కొద్దీ దానిని ఉంచడమే మంచిది.

ఔపవిభక్తికం వలన కలిగే పొరపాటు

"సంఖ్య", "బృందం", "జాబితా", "ధర" వంటి ఏకవచన పదాలు కర్తలుగా ఉండి, వాటి ముందు బహువచన పదం వచ్చినప్పుడు ఇంకొక రకమైన తప్పు కలుగుతుంది. "రహదారులపై జరిగే ప్రమాదాల సంఖ్య ఈ ఏడాది మరింత పెరిగాయి" వంటి వాక్యాలు వార్తలలో చూస్తుంటాము. పెరిగినది సంఖ్య, ప్రమాదాలు కావు. కనుక "పెరిగింది" అనాలి. "ప్రమాదాలు" అనేది "ప్రమాదాల" అయినప్పుడు, ఆ లకారమే అది కర్త కాదనడానికి గుర్తు. కాని వ్రాసేవారి మనసులో ఉన్నది ప్రమాదాలే గనుక క్రియ అటువైపు మొగ్గుతుంది.

ఇది తెలుగుకే పరిమితమైన బలహీనత కాదు. 1991లో కాథ్రిన్ బాక్, కేరల్ మిల్లర్ అనే పరిశోధకులు ఇంగ్లీషు మాట్లాడేవారిచేత ఇటువంటి వాక్యాలను పూర్తి చేయించి చూశారు. కర్త ఏకవచనమై నడుమ బహువచన పదం వచ్చినప్పుడు తప్పులు ఎక్కువగాను, కర్త బహువచనమై నడుమ ఏకవచనం వచ్చినప్పుడు చాలా తక్కువగాను జరుగుతున్నట్లు తేలింది. ఈ వ్యాసంలో చూపిన తప్పు వాక్యాలన్నీ ఏకవచన కర్తకు బహువచన క్రియ చేరినవే కావడం గమనించదగినది.

"బృందం" విషయంలో కొంత భేదాభిప్రాయం ఉన్నది. "ఇరవై మంది విద్యార్థుల బృందం హంపి యాత్రకు బయలుదేరింది" అనడం వ్యాకరణ సమ్మతం. వ్యవహారంలో "బయలుదేరారు" అని కూడా వింటాము. వ్రాతలో మొదటిదే మేలు. అయితే "మంది" అనే మాటే కర్తస్థానంలో ఉంటే ("విద్యార్థులలో సగం మంది") క్రియ తప్పక "రు" తోనే ముగియాలి.

"తోపాటు" చేరినప్పుడు కూడా లెక్క మారదు. "ముగ్గురు కొడుకులు, ఇద్దరు కోడళ్ళతోపాటు రామయ్య కాశీకి వెళ్ళాడు" అనేదే సరియైనది. వెళ్ళినది ఆరుగురైనా కర్త రామయ్య ఒక్కడే. "రామయ్యా, కొడుకులూ, కోడళ్ళూ" అని సముచ్చయం చేస్తేనే "వెళ్ళారు" అవుతుంది.

కర్తవలె కనిపించే చతుర్థి

"వరుసగా రెండేళ్ళు పంట నష్టపోయిన రైతులకు బ్యాంకుల నుండి రావలసిన రుణం ఈసారి సకాలంలో అందింది." ఈ వాక్యం రైతుల గురించినదే అయినా, వ్యాకరణరీత్యా కర్త రుణం. రైతులు ఎందరైనా క్రియ మారదు. రుణం అన్నచోట నిధులు అంటేనే "అందాయి" అవుతుంది. ఆకలి, కోపం, జ్వరం, అనుమానం మొదలైన వాటిని చెప్పే వాక్యాలన్నీ ఈ తీరువే. "పెద్దలకు కోపం వచ్చింది", "పెద్దలకు అనుమానాలు వచ్చాయి".

కర్త లోపించినప్పుడు

తెలుగులో కర్తను చెప్పకుండా వదలే అలవాటు ఉన్నందున, ఎవరు చేశారన్నది ఒక్కొక్కప్పుడు క్రియాప్రత్యయం ఒక్కటే తెలుపుతుంది. ఒక సభా కార్యక్రమ నివేదికలో "సభ్యుల సూచనలను పరిశీలించి, అధ్యక్షుడి అనుమతితో లెక్కలను సరిచేసి ప్రభుత్వానికి పంపాడు" అని ఉంటే, పంపినది ముందు వాక్యంలో చెప్పిన కార్యదర్శి అని గ్రహిస్తాము. "పంపారు" అని ఉంటే సభ్యులందరూ కలిసి పంపినట్లు కావచ్చును, కార్యదర్శిని గౌరవించి అన్నదీ కావచ్చును. లెక్కలలో తేడా వస్తే బాధ్యత ఎవరిదన్నది ఆ ఒక్క అక్షరం మీద ఆధారపడుతుంది. గౌరవ బహువచనం వాడదలచినవారు ఇటువంటి చోట "కార్యదర్శి గారు" అని కర్తను తిరిగి చెప్పవలెను.

పరీక్షించు విధానం

క్రియకు సరిగ్గా ముందు అతడు, ఆమె, అది, వారు, అవి అనే సర్వనామాలలో కర్తకు తగినదానిని నిలిపి చదివితే తప్పు వెంటనే బయటపడుతుంది. "ప్రమాదాల సంఖ్య... అది పెరిగాయి" అనడానికి నాలుక ఒప్పుకోదు. వాక్యం మరీ పొడవైతే ఈ సర్వనామాన్ని పరీక్షకే గాక, వాక్యాన్ని రెండుగా విరవడానికి కూడా వాడుకోవచ్చును.

పొందిక అక్కరలేని క్రియలు

భూతకాల వ్యతిరేకార్థకమైన "రాలేదు", అలాగే "రావాలి", "రావచ్చు", "రాకూడదు" అనేవి ఏ కర్తకైనా ఒకే రూపంలో ఉంటాయి. (భవిష్యత్ వ్యతిరేకార్థంలో మాత్రం రాడు, రాదు, రారు, రావు అని పొందిక ఉన్నది.) గ్రాంథిక భాషలోని భూతకాలంలో కూడా ఈ చిక్కు తక్కువ. "రాముడు వచ్చెను", "సీత వచ్చెను", "గుఱ్ఱములు వచ్చెను" అని మూడింటికీ ఒకే రూపం చెల్లుతుంది. "వారు వచ్చిరి" అన్నచోటనే తేడా. ఆ శైలిలో "ఆనకట్ట తెగెను", "ఆనకట్టలు తెగెను" రెండూ ఒప్పే గనుక, నేడు తప్పుగా తోచే అన్వయం అప్పటి వచనంలో బయటపడే అవకాశమే లేదు.

వ్రాసిన వాక్యాన్ని తరువాత సవరించేటప్పుడు ఈ క్రియల విషయంలో జాగ్రత్త అవసరం. "వరదలలో ఇళ్ళు కోల్పోయిన కుటుంబాలకు ప్రకటించిన సహాయం ఇంకా అందలేదు" అని వ్రాసి ఉన్న చోట, సహాయం అందిన పిమ్మట మరొకరు వచ్చి "ఇంకా" తీసివేసి చివరి మాటను మాత్రం మార్చబోతారు. ఇళ్ళు, కుటుంబాలు అనే బహువచనాలు కళ్ళ ముందుండగా వారి చేతి నుండి "అందాయి" అని వెలువడుతుంది. అక్కడ ఉండవలసినది "అందింది".