బిల్లు పుట్టకముందే నంబరు

జీరో దందా అంటే ఏమిటో తెలుగు బజారులో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. బిల్లు లేని సరుకు, లెక్కకు రాని డబ్బు. దానికో తమ్ముడున్నాడు. అక్కడ బిల్లు ఉంటుంది గానీ దారిలో తనిఖీ దాటేదాకానే ఉంటుంది. లారీ క్షేమంగా గోడౌన్ చేరితే ఆ కాగితం చించేస్తారు. అదే నంబరు వేసుకుని ఇంకో లోడు బయల్దేరుతుంది. దారిలో ఎవరైనా ఆపి చూస్తే మాత్రం, ఆ ఒక్క బిల్లే ఖాతా పుస్తకంలోకి ఎక్కుతుంది.

పన్ను శాఖకు ఇక్కడున్న చిక్కు కాలానిది. బిల్లు రాసేది అమ్మేవాడు, పుచ్చుకునేది కొనేవాడు, శాఖ చూసేది ఎప్పుడో ఆడిట్‌కు వచ్చినప్పుడు. ఆ వరసను తిరగేసి, కొనేవాడి కంటే ముందు శాఖే బిల్లు చూడాలి, అది నంబరిచ్చాకే ఆ కాగితం బిల్లు అనిపించుకోవాలి అన్న ఏర్పాటునే క్లియరెన్స్ మోడల్ అంటున్నారు. మన ఇ-ఇన్‌వాయిస్ మీద కనిపించే 64 అక్షరాల ఐఆర్‌ఎన్ ఆ కోవలోదే. ఈ ఆలోచన ఢిల్లీలో పుట్టలేదు. యూరప్‌లోనూ కాదు. లాటిన్ అమెరికాలో పుట్టింది.

దానికీ ఒక పూర్వజన్మ ఉంది, అది రబ్బరు స్టాంపుల కాలం. చిలీలో వ్యాపారి అచ్చు వేయించుకున్న బిల్లు పుస్తకాలను పన్ను శాఖ దగ్గరకు తీసుకెళ్లి ముద్ర కొట్టించుకునేవాడు. ముద్ర లేని బిల్లు చెల్లదు. బ్రెజిల్‌లో అయితే బిల్లు పుస్తకం అచ్చు వేయించాలన్నా ముందుగా అనుమతి కావాలి. మనకూ ఇలాంటిది ఒకటి ఉండేది. వ్యాట్ రోజుల్లో వే బిల్లు ఫారాల కోసం వాణిజ్య పన్నుల ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లు ఇప్పటికీ దొరుకుతారు. ఇవన్నీ ఖాళీ కాగితం మీద ముద్రలే. ఎన్ని ఫారాలిచ్చిందో శాఖకు తెలుసు. వాటి మీద ఏం రాశారన్నది తెలియదు.

వ్యాట్ వచ్చాక ఆ తెలియకపోవడం ఖరీదైపోయింది. పాత అమ్మకం పన్నులో దొంగ బిల్లు పన్ను ఎగ్గొట్టడానికే పనికొచ్చేది. వ్యాట్‌లో కొన్నవాడు తన బిల్లు మీది పన్నును తాను కట్టాల్సిన దాంట్లో తగ్గించుకుంటాడు. అంటే బిల్లు చేతిలో ఉంటే డబ్బు చేతిలో ఉన్నట్టే. అలాంటప్పుడు సరుకు లేకుండా బిల్లులు మాత్రమే అమ్మేవాళ్లు పుట్టుకురావడంలో వింతేముంది?

చిలీ 2003లో ఎలక్ట్రానిక్ బిల్లులు మొదలుపెట్టినప్పుడు చేసింది, నిజానికి, ఆ రబ్బరు స్టాంపును కంప్యూటర్లోకి ఎక్కించడమే. శాఖ ఒక నంబర్ల వరుసను, ఉదాహరణకు 1 నుంచి 500 దాకా, తన డిజిటల్ సంతకంతో ఒక ఫైలుగా వ్యాపారికి ఇస్తుంది. అతను ఒక్కో బిల్లుకు ఒక్కో నంబరు వాడి, ఆ ఫైలుతో వచ్చిన తాళంచెవితో సంతకం చేస్తాడు. బిల్లు కింద బార్‌కోడ్ రూపంలో ఆ ముద్ర పడుతుంది. బిల్లు నకలు శాఖకూ వెళ్తుంది కాబట్టి ఇది పాత పద్ధతి కంటే చాలా మేలు. కానీ నంబరు మాత్రం బిల్లు రాయకముందే వ్యాపారి జేబులో ఉంటుంది.

అసలు మలుపు మెక్సికోలో కనిపిస్తుంది. నాకు ఈ కథలో బాగా నచ్చే భాగం కూడా అదే, ఎందుకంటే ఒకే దేశం రెండు పద్ధతులూ చేసి చూసింది. 2005లో అక్కడ వచ్చిన మొదటి ఎలక్ట్రానిక్ బిల్లుకూ నంబర్లు ముందే ఇచ్చేవారు. వ్యాపారి తానే సంతకం చేసి బిల్లు ఇచ్చేసి, నెలాఖరున చిట్టా పంపేవాడు. 2011లో దాన్ని మార్చారు. ఇక ముందే నంబర్లు లేవు. ప్రతి బిల్లూ, వివరాలన్నీ నింపాక, శాఖ గుర్తింపు పొందిన ఒక సంస్థకు వెళ్లాలి. అది తనిఖీ చేసి, ఆ ఒక్క బిల్లుకే చెందే గుర్తింపు సంఖ్యను, ముద్రను వేసి వెనక్కి పంపుతుంది. ఆ తర్వాతే కొనేవాడికి. 2014 నాటికి అందరికీ ఇదే తప్పనిసరి చేశారు. దీన్ని అక్కడ ‘తింబ్రార్’ అంటారు, ముద్ర వేయడమని. మాట పాత స్టాంపుల కాలానిదే. ముద్ర మాత్రం ఖాళీ కాగితం మీంచి లేచి నిండు బిల్లు మీదికి వచ్చి కూర్చుంది.

బ్రెజిల్ తోవ వేరు. అక్కడ ఈ పన్ను రాష్ట్రాలది. పన్ను శాఖ కళ్లన్నీ రోడ్డు మీదే ఉండేవి. 2006లో మొదటి ఎలక్ట్రానిక్ బిల్లులకు అనుమతులిచ్చి, 2008లో ఇంధనం, సిగరెట్లతో నిర్బంధం మొదలుపెట్టారు. లారీ కదలకముందే రాష్ట్ర శాఖ బిల్లుకు అనుమతినివ్వాలి. డ్రైవర్ చేతిలో ఉండే కాగితం బిల్లు కాదు, బిల్లుకు జాడ మాత్రమే. దాని మీద 44 అంకెల సంఖ్య ఉంటుంది. రాష్ట్రం, సంవత్సరం, నెల, అమ్మేవాడి నమోదు సంఖ్య, బిల్లు నంబరు అన్నీ అందులో వరుసగా చదువుకోవచ్చు. మన ఐఆర్‌ఎన్‌ను ఎంత సేపు చూసినా ఏమీ అర్థం కాదు. ఆ తేడా ఎందుకో చెబుతాను.

ఇటలీని కూడా ఒక్క మాటలో తలచుకుని ముందుకెళ్దాం. 2019 జనవరి 1 నుంచి అక్కడ వ్యాపారుల మధ్య బిల్లును కొనేవాడికి అందించేది కూడా ప్రభుత్వ వ్యవస్థే. మన పోర్టల్ అంత దూరం పోదు. నంబరిచ్చి అమ్మేవాడి చేతిలోనే పెడుతుంది.

మన దగ్గర 2017 జులైలో జీఎస్టీతో చెక్‌పోస్టులు పోయాయి, మరుసటి ఏడు ఇ-వే బిల్లు వచ్చింది. 2019లో ఇ-ఇన్‌వాయిస్ నిర్ణయం జరిగింది. 2020 ఏప్రిల్‌కు అనుకున్నది అక్టోబర్ 1కి జరిగి, మొదట 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లతో మొదలైంది. తర్వాత ఆ గీత మెట్టు మెట్టుగా కిందికి దిగింది. 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లకు చేరడంతో, ఎక్కడో కార్పొరేట్ ఆఫీసుల్లో ఉన్న ఐఆర్‌ఎన్ మన ఆటోనగర్ షాపుల్లోని ట్యాలీలోకి వచ్చింది. మామూలు వినియోగదారుడికి రాసే బిల్లుకు ఇది అక్కర్లేదు. జీఎస్టీ నమోదు ఉన్నవాడికి అమ్మినప్పుడూ, ఎగుమతులప్పుడూ కావాలి.

ఇక ఆ 64 అక్షరాల సంగతి. అమ్మేవాడి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు, ఈ నాలుగింటినీ కలిపి SHA-256 అనే లెక్కలో వేస్తే వచ్చే ఫలితం అది. కవ్వంతో చిలికినట్టు కలిసిపోతాయి కనుక వెనక్కి విడదీయలేం. కానీ అవే నాలుగు వేస్తే మళ్లీ అదే ఫలితం వస్తుంది. అందుకే ఒకే నంబరుతో రెండో బిల్లు పంపితే, పోర్టల్ ‘డూప్లికేట్’ అని 2150 నంబరు తప్పు చూపించి తిప్పికొడుతుంది. మొదట్లో చెప్పిన ఆ రెండో లోడు ఆగేది సరిగ్గా ఇక్కడే. ఇందులోనూ ఒక కంత ఉండేది. కంప్యూటర్‌కు VJW/147, vjw/147 వేర్వేరు కదా! 2025 జూన్ 1 నుంచి పోర్టల్ అన్నిటినీ పెద్ద అక్షరాలుగా మార్చుకున్నాకే లెక్క వేస్తోంది.

ఆ నాలుగింటిలో డబ్బు లేదని గమనించారా? సరుకు లేదు, కొనేవాడు కూడా లేడు. ఐఆర్‌ఎన్ ‘ఈ బిల్లు ఒక్కటే’ అని మాత్రమే చెబుతుంది. బిల్లులో ఏముందో కాపాడేది పోర్టల్ సంతకంతో వచ్చే క్యూఆర్ కోడ్. ఇద్దరి జీఎస్టీ నంబర్లు, తేదీ, మొత్తం విలువ, ఎన్ని రకాల సరుకు, ప్రధాన సరుకు కోడ్ అందులో ఉంటాయి. కాగితం మీద అంకె దిద్దితే, స్కాన్ చేసినప్పుడు పాత అంకె బయటపడుతుంది.

బిల్లు నిజమా కాదా అన్నది మాత్రం రెండూ చెప్పవు. జీఎస్టీ నంబర్లు బతికున్నాయా, పన్ను కూడిక సరిపోయిందా, ఇది ముందే వచ్చిందా అన్నవే పోర్టల్ చూస్తుంది. లారీలో సరుకుందో ఇటుకలున్నాయో దానికి ఎలా తెలుస్తుంది? మెక్సికోలో ప్రతి బిల్లుకూ ముద్ర వచ్చాక కూడా, ముద్ర ఉన్న ఉత్తుత్తి బిల్లులమ్మే కంపెనీలు పోలేదు. వాటి పేర్ల జాబితాను శాఖ బహిరంగంగా ప్రకటిస్తూనే ఉంది. నిజం చెప్పాలంటే, క్లియరెన్స్ చేసిన మేలు దొంగ బిల్లును అసాధ్యం చేయడం కాదు. దాన్ని శాఖ కళ్లెదుటే, రాసిన గంటే పుట్టేలా చేయడం.

ఈ పద్ధతి నడిచేటప్పుడు ఎక్కడ నొప్పి పెడుతుందో ఒక లెక్కలో చూద్దాం. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వ్యాపారి ఒకరున్నారనుకోండి. హైదరాబాద్‌లోని డీలర్‌కు 2,40,000 రూపాయల సరుకు పంపాలి. పన్ను 18 శాతం. రాష్ట్రం దాటుతోంది కాబట్టి 43,200 ఐజీఎస్టీ, మొత్తం 2,83,200. ఆ డీలర్‌కు విజయవాడలోనూ బ్రాంచి ఉంది. ట్యాలీలో ఒకే పేరు రెండుసార్లు ఉంటుంది, ఒకటి 36తో మొదలయ్యే తెలంగాణ నంబరు, రెండోది 37తో మొదలయ్యే ఆంధ్ర నంబరు. గుమస్తా తొందరలో 37 ఎంచుకున్నాడు.

పోర్టల్ కిమ్మనలేదు. ఆ నంబరు బతికే ఉంది, అమ్మకం రాష్ట్రంలోపలిదైంది, ట్యాలీ పన్నును 21,600 చొప్పున రెండుగా విడగొట్టింది. కూడికలన్నీ సరిపోయాయి. క్షణంలో ఐఆర్‌ఎన్, క్యూఆర్, వాటితోపాటే ఇ-వే బిల్లు వచ్చేశాయి. అదృష్టం కొద్దీ దారిలో ఎవరూ ఆపలేదు, సరుకు హైదరాబాద్ చేరింది. మర్నాడు సాయంత్రం డీలర్ ఫోన్ చేశాడు: “ఏమండీ, బిల్లు మా బెజవాడ బ్రాంచి పేర కొట్టారేంటి? నాకు క్రెడిట్ ఎట్లా వస్తది?”

ఐఆర్‌ఎన్ రద్దుకు గడువు 24 గంటలు. ఫోన్ వచ్చేసరికి 26 గంటలైంది. గడువులోపలే చేసి ఉన్నా, ముందు ఇ-వే బిల్లు రద్దు చేస్తే గానీ ఐఆర్‌ఎన్ రద్దు కాదు. రద్దయిన నంబరును మళ్లీ వాడటానికీ లేదు. పోర్టల్‌లో దిద్దుబాటు అనే మాటే లేదు. కాగితం బిల్లు కాలంలో అయితే కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, పై కాపీ వెనక్కి తెప్పించుకునేవారు. ఆ సౌలభ్యంలోనే జీరో దందా తమ్ముడు కూడా కాపురముండేవాడనుకోండి.

ఇలాంటప్పుడు మామూలుగా పట్టే దారి ఒకటుంది. పాత బిల్లుకు పూర్తి విలువతో క్రెడిట్ నోట్ రాయాలి, దానికీ వేరే ఐఆర్‌ఎన్ కావాలి. తర్వాత 36 నంబరు మీద కొత్త బిల్లు, కొత్త నంబరుతో. పది కోట్లు, ఆపైన టర్నోవర్ ఉన్నవాళ్లకైతే 2025 ఏప్రిల్ నుంచి ఇంకో గడువు కూడా ఉంది. బిల్లు తేదీ నుంచి 30 రోజులు దాటితే పోర్టల్ అసలు తీసుకోదు. పది కోట్ల లోపు వాళ్లకు ఆ కట్టడి లేదు. చట్టమేమో ఐఆర్‌ఎన్ లేని బిల్లు బిల్లే కాదంటుంది, పోర్టల్ చూస్తే పాత తేదీ బిల్లుకూ నంబరిస్తుంది. బ్రెజిల్ లారీ డ్రైవర్‌కు ఈ వెసులుబాటు తెలిస్తే నవ్వుకుంటాడు.

క్రెడిట్ నోట్, కొత్త బిల్లు ఆ రాత్రే వెళ్లాయి. సరుకు విలువ 2,40,000 డీలర్ వెంటనే వేసేశాడు. 43,200 మాత్రం ఆపుకున్నాడు. వచ్చే నెల 14న తన 36 నంబరు 2బీలో ఆ బిల్లు కనిపించాక వేస్తానన్నాడు.