సున్నా నుంచి మొదలెడితే: సీయెస్సెస్ రీసెట్ గురించి మా జూనియర్‌కి రాసిన మెయిల్

మొన్నామధ్య మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు పాత తెలుగు సైటొకటి బాగుచేస్తూ, ఎక్కడో దొరికిన రీసెట్ ఫైలు తెచ్చి అతికించాడు. సాయంత్రానికి మూడు ఫిర్యాదులు. తప్పు కుర్రాడిది అనేకన్నా, పదిహేనేళ్ళ పైబడిన ఆ ఫైలుది అనాలి. ఆ రాత్రి అతనికి రాసిన మెయిలే ఈ టపా. క్లయింటు వివరాలు మాత్రం తీసేశాను.

తమ్ముడూ,

నువ్వు పెట్టిన ఫైలు ఎరిక్ మేయర్ రీసెట్, అదీ పాత వెర్షను. దాన్ని తిట్టేముందు అసలెందుకు పుట్టిందో చెప్తాను. కారణం తెలిస్తే ఎప్పుడు వాడాలో నీకే తడుతుంది.

ప్రతి బ్రౌజరులోనూ సొంత స్టైల్‌షీటు ఒకటి ఉంటుంది. మనం ఒక్క లైను రాయకపోయినా h1 పెద్దగా, ul కి చుక్కలు, పేజీ చుట్టూ కాస్త ఖాళీ కనిపించేది దానివల్లే. 2000ల మధ్యలో ఈ లోపలి షీట్లు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. జాబితానే తీసుకో. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ చుక్కల జాబితాని margin తో లోపలికి జరిపేది, ఫైర్‌ఫాక్స్ padding తో జరిపేది. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ నువ్వు margin: 0 అన్నావంటే ఒకదాంట్లో చుక్కలు గోడ దాటి బయటికెళ్ళిపోయేవి, రెండోదాంట్లో ఏమీ కదిలేది కాదు. ఏ ప్రాపర్టీ తప్పో తెలీక గంటలు పోయేవి మాకు. ఆ రోజుల్లో మిగిలిన దారి ఒక్కటే, రెండూ సున్నా చేసి, మనకి కావల్సినంత మనమే పెట్టుకోవడం.

2004లో టాంటెక్ చెలిక్ undohtml.css అని చిన్న ఫైలు పెట్టాడు. 2006లో యాహూ వాళ్ళ వై.యు.ఐ. లైబ్రరీతో పాటు ఒక రీసెట్ వచ్చింది. అన్నీ సున్నా చేసేస్తే మామూలు పేరాలు, హెడ్డింగులు కూడా చప్పగా అయిపోతాయి కదా, అందుకని వాళ్ళే తర్వాత base అని ఇంకో ఫైలిచ్చి మళ్ళీ ప్రాణం పోశారు. ఈ రెండో ఫైలు సంగతి జనం పెద్దగా పట్టించుకోలేదని నా అనుమానం. 2007లో మేయర్ తన రీసెట్ పెట్టాడు. దాన్ని ఉన్నదున్నట్టు వాడొద్దు, మీ ప్రాజెక్టుకి తగ్గట్టు మార్చుకోండి అని ఆయనే రాశాడు. మనవాళ్ళకి కాపీ కొట్టడం తెలిసినంతగా చదవడం తెలీదు (నేను కూడా ఆ బాపతే, దాచడమెందుకు).

ఇప్పుడు నీ ఫిర్యాదుల్లో మొదటిది: ట్యాబ్ కీ నొక్కుతుంటే ఎక్కడున్నామో కనపడట్లేదని. నీ ఫైలులో ఇది చూడు:

```
/* remember to define focus styles! */
:focus {
	outline: 0;
}
```

కామెంటు ఎంత స్పష్టంగా ఉందో చూశావా? గీత తీసేస్తున్నా, నీ గీత నువ్వు గీసుకో అంటున్నాడు. రూలు అందరి సైట్లలోకీ వెళ్ళింది, గీత మాత్రం చాలామంది గియ్యలేదు. మౌసు పట్టుకోలేని మనిషి మన ఫారంలో పేరు దగ్గరున్నాడో, "రద్దు" బటను మీదున్నాడో తెలీకుండా ఎంటర్ కొట్టాలన్నమాట. 2011 జనవరిలో వచ్చిన 2.0 వెర్షనులో మేయర్ ఆ రూలే తీసేశాడు. కానీ అప్పటికే కాపీ అయిన ఫైళ్ళని ఎవరు వెనక్కి పిలుస్తారు? నీకు దొరికింది అలాంటిదే. మౌసుతో నొక్కినప్పుడు గీత వస్తోందని డిజైనర్లు గొడవ చేసేవాళ్ళు. 2022 నాటికి ముఖ్యమైన బ్రౌజర్లన్నిట్లో :focus-visible వచ్చేసింది కాబట్టి ఆ సాకు కూడా లేదు.

రెండోది మనకి బాగా తగిలేది. వార్తల్లో ఒత్తులు కింది లైనుమీద పడుతున్నాయన్నారు. అదే ఫైలులో body కి line-height: 1 అని ఉంది, 2.0లో కూడా ఉంది. అంటే 16 పిక్సెళ్ళ అక్షరానికి లైను ఎత్తు కూడా సరిగ్గా 16 పిక్సెళ్ళే. ఇంగ్లీషుకి ఇరుకుగా ఉన్నా ఎలాగో సరిపోతుంది. మనకలా కాదు. పై లైనులో "రాష్ట్రం", దాని కిందే "స్త్రీకి" వచ్చాయనుకో, ష్ట్ర ఒత్తులు కిందికి దిగుతాయి, గుడిదీర్ఘం పైకి లేస్తుంది, రెండూ గుద్దుకుంటాయి. ఏమీ చెప్పకుండా వదిలేస్తే బ్రౌజరు ఫాంటులో రాసున్న ఎత్తు చూసుకుని తెలుగుకి కావల్సిన చోటు వదుల్తుంది. సున్నా నుంచి మొదలెడదాం అన్నవాడి లెక్కలో తెలుగు లేదు, అంతే. overflow: hidden ఉన్న డబ్బాల్లో ఇంకా ఘోరం, ఒత్తు తెగిపోయి అక్షరమే మారిపోతుంది.

2011లో మొదలైన normalize.css మంచిదే. అది అన్నీ చెరిపెయ్యదు, బ్రౌజర్ల మధ్య తేడాలు మాత్రమే సరిచేసి పనికొచ్చేవి వదిలేస్తుంది. కానీ దాని 8వ వెర్షనులోనూ line-height 1.15, తెలుగుకి చాలదు. అన్నట్టు టెయిల్‌విండ్‌లో text-5xl పెడితే లైను ఎత్తు మళ్ళీ 1. పెద్ద తెలుగు హెడ్డింగు రెండు లైన్లయిన రోజు గుర్తుకు తెచ్చుకో.

ఇక మూడోది, వ్యాసాల్లో చుక్కలు, హెడ్డింగులు పోయాయి, మెనూ మాత్రం బానే ఉంది. ఎందుకలా సగం సగం? నువ్వు రీసెట్‌ని మన ఫైలు తర్వాత లోడ్ చేశావు. h2, p అని ట్యాగు పేరుతో రాసిన రూళ్ళు రెండు ఫైళ్ళలోనూ సమాన బలం, కాబట్టి తర్వాతొచ్చింది గెలిచింది. మెనూకి క్లాసులున్నాయి, వాటి బలం ఎక్కువ, అవి బతికాయి. బ్రౌజరు ఇన్‌స్పెక్టర్‌లో ఆ h2 మీద నొక్కితే మన రూలు కొట్టివేసినట్టు కనిపిస్తుంది, చూడు. చుక్కలకి మన ఫైలులో రూలే లేదు, బ్రౌజరు ఇచ్చేవే. అందుకని ముందు లోడ్ చేసినా అవి పోయేవే. ఇప్పుడు ఇలా రాసినా అంతే:

```
@import url("reset.css") layer(reset);
```

లేయర్లో పెట్టిన రీసెట్ మీద మన రూళ్ళు ఎప్పుడూ గెలుస్తాయి, నిజమే. కానీ మనం రూలు రాయని చోట అది బ్రౌజరు మీద గెలుస్తుంది. చుక్కలూ, ఫోకస్ గీతా రెండూ అలా పోయేవే.

కాబట్టి నా లెక్క ఇది. ప్రతి బటనూ, ప్రతి జాబితా మనమే కాంపొనెంటుగా గీసే అప్లికేషన్‌కి, మొదటిరోజు నుంచీ రీసెట్ పెట్టు, హాయిగా ఉంటుంది. ఇంకొకరు ఎడిటర్లో టైపు చేసిన వ్యాసం ఉత్త ట్యాగులతో వచ్చే చోట వద్దు, అక్కడ బ్రౌజరు ఇచ్చిందే సగం డిజైను. ఏళ్ళ తరబడి నడుస్తున్న సైటులోకి మధ్యలో అసలే వద్దు. ఆ పాత సీయెస్సెస్‌లో ప్రతి అంకె బ్రౌజరు ఇచ్చేదాని మీద కూడికో తీసివేతో.

రేపు పొద్దున్నే ఆ ఫైలు తీసేయి. మెనూ చుక్కలు పోవాలంటే nav ul కి మాత్రమే list-style: none రాసుకో. వ్యాసాల్లో వద్దు, చుక్కలు పోతే సఫారీలో వాయిస్‌ఓవర్ దాన్ని జాబితా అని చదవడం కూడా మానేస్తుంది. body కి line-height: 1.7 ఉందో లేదో చూడు, మన ఫైలులో ఉండేది. తర్వాత మౌసు పక్కన పెట్టి ఫారం మొత్తం ట్యాబ్ కీతో నింపి పంపు. "రాష్ట్రం" కింద "స్త్రీకి" వచ్చేలా ఒక పేరా, ఒక రెండు లైన్ల హెడ్డింగు పెట్టి ఫోనులో కూడా చూడు. అయ్యాక నాకో స్క్రీన్‌షాట్ పంపించు, క్లయింటుకి నేను ఫోన్ చేస్తా.