ఎనిమిదేళ్ల ఉద్యోగం, మూడు వందల పదాలు

మా మరిది ఈ ఏడాది ఇన్సియాడ్‌లో ఎంబీఏకి దరఖాస్తు చేశాడు. ఫ్రాన్స్‌లో మొదలైన ఈ బిజినెస్ స్కూలుకి 2000 నుంచి సింగపూర్‌లో కూడా క్యాంపస్ ఉంది. కోర్సు పది నెలలు. ఉద్యోగ జీవితం గురించి కొన్నేళ్లుగా అడుగుతున్నవి ముఖ్యంగా మూడు. ఇప్పటి ఉద్యోగం గురించి 200 పదాలు, డిగ్రీ నుంచి ఇప్పటిదాకా నడిచిన దారి గురించి 300, ముందున్న లక్ష్యాల గురించి 100. ప్రశ్నలు మారుతుంటాయి, కాబట్టి మీరు పెట్టే ఏడాది ఫారమ్ చూసుకోండి.

నేనూ కెమిస్ట్రీ చదివినదాన్నే కాబట్టి, మొదటి చిత్తుప్రతి పట్టుకుని ఆంగ్ మో కియోలోని మా ఇంటికి వచ్చాడు. 300 రాయాల్సిన చోట 540 పదాలు రాశాడు. అందులో 210 హైదరాబాద్ మందుల కంపెనీ ల్యాబ్‌లో చేసిన మొదటి రెండేళ్ల ఉద్యోగం గురించే. ఏ యంత్రం మీద ఏ పరీక్ష చేశాడో అన్నీ ఉన్నాయి. ఆ ఉద్యోగం ఎందుకు వదిలాడో మాత్రం లేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 300 పదాల ప్రశ్న అడిగేది పనుల జాబితా కాదు, అది రెజ్యూమెలో ఉంటుంది. అడిగేది మలుపుల దగ్గర కారణం. అందుకని మేము ఏళ్ల లెక్కన కాకుండా మలుపుల లెక్కన పదాలు పంచాం. కెమిస్ట్రీ ఎందుకు చదివాడన్నదానికి 40, మొదటి ఉద్యోగానికి 60, రెండోదానికి 75, సింగపూర్ రావడానికి 60, వీటన్నిటినీ కలిపే చివరి మాటకు 40. మిగిలిన 25 దేనికో తర్వాత చెప్తాను.

మొదటి ఉద్యోగం ఇలా తేలింది: "సరుకు పాసైందా ఫెయిలైందా అని మాత్రమే ల్యాబ్ చెప్పేది. ఎందుకు ఫెయిలైందో తెలుసుకోవాలని క్వాలిటీ అస్యూరెన్స్‌కి మారాను." ఈ రెండు వాక్యాలతో రెండో ఉద్యోగానికి దారి దానంతటదే పడింది. సింగపూర్ ఉద్యోగానికి కారణం ఒక్కటే రాశాడు, ఆరుగురి బృందాన్ని నడిపే అవకాశం. ఆ పని వివరాలన్నీ 200 పదాల జవాబులోకి వెళ్లాయి. ఒకే సంగతి రెండు చోట్లా రాస్తే ఒక చోటు వృథా.

రెండో తప్పు మన మర్యాద వల్ల వచ్చేది. అంతటా "మేము చేశాం", "మా బృందం సాధించింది" అని రాశాడు. నేను అనుకోవడం మనకు గొప్పలు చెప్పుకున్నట్టు అనిపిస్తుంది. కానీ చదివేవాళ్లకు ఇతను చేసిందేమిటో తెలియదు. సరుకు విడుదలకు పట్టే సమయం తొమ్మిది రోజుల నుంచి ఆరుకు తగ్గిందని ఉంది. "నువ్వేం చేశావు?" అని అడిగితే, రెండు తనిఖీలు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి జరిగేలా షెడ్యూలు తనే మార్చానన్నాడు. అదే వాక్యమైంది. అంకె ఏదైనా సిఫారసు ఉత్తరం రాసే పై అధికారి కూడా ఔననగలిగేదై ఉండాలి.

ఇక ఆ 25 పదాలు. మొదటి, రెండో ఉద్యోగాల మధ్య అయిదు నెలల ఖాళీ ఉంది. మామయ్యగారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు అతను ఊళ్లోనే ఉండిపోయాడు. "వదినా, ఇది రాస్తే జాలి కోసం రాసినట్టుంటుంది" అని, రెజ్యూమెలో నెలలు తీసేసి ఏళ్లు మాత్రమే ఉంచుదామన్నాడు. ఫారమ్‌లో చేరిన నెల, మానేసిన నెల నింపాల్సి వస్తే ఖాళీ బయటపడుతుంది. అప్పుడు అడిగేవాళ్లకి కనిపించేది సేవ కాదు, దాపరికం. చివరికి ఒక్క వాక్యం రాశాడు: "నాన్నగారి ఆపరేషన్ వల్ల అయిదు నెలలు ఇంటి దగ్గర ఉండి, తర్వాత కొత్త కంపెనీలో చేరాను." వివరణ లేదు, క్షమాపణ లేదు.

లక్ష్యాల 100 పదాల్లో మొదట "ప్రపంచస్థాయి నాయకుడు" అని ఉంది. అది ఎవరైనా రాయొచ్చు. ఎంబీఏ అయ్యాక మందుల తయారీ కంపెనీలో సరఫరా ప్రణాళిక చూసే మేనేజరు కావడం, పదేళ్లకు ఒక ప్లాంటు బాధ్యత తీసుకోవడం అని మార్చాడు. తనకు లేనిదేమిటో కూడా రాశాడు: నాణ్యత తెలుసు, ఖర్చుల లెక్క తెలియదు. ఎంబీఏ ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఆ ఒక్క మాటలో ఉంది.

అయ్యాక ఒక పరీక్ష పెట్టాను. కెమిస్ట్రీ తెలియని మా పక్కింటావిడకు చదివి వినిపించి, అతను ఉద్యోగాలు ఎందుకు మారాడో చెప్పమన్నాను. మూడు కారణాలూ వరసగా చెప్పింది. పదాలు లెక్కపెడితే 296.