మందులతో గర్భస్రావం

మిఫెప్రిస్టోన్, మిసోప్రొస్టోల్ అనే రెండు మందులను ఒకదాని తరువాత ఒకటి వాడి, తొలి వారాల గర్భాన్ని ఆపరేషన్ లేకుండా తొలగించే పద్ధతి ఇది. వైద్యులు దీన్ని మెడికల్ అబార్షన్ అంటారు, మందుల షాపుల్లో వీటికి ‘కిట్’ అని పేరు. భారతదేశంలో మిఫెప్రిస్టోన్‌కు 2002లో అనుమతి వచ్చింది. రెండు మందులూ కలిపిన ప్యాకెట్ 2008 నుంచి దొరుకుతోంది. అందులో 200 మిల్లీగ్రాముల మిఫెప్రిస్టోన్ బిళ్ళ ఒకటి, 200 మైక్రోగ్రాముల మిసోప్రొస్టోల్ బిళ్ళలు నాలుగు ఉంటాయి. డాక్టరు చీటీ లేకుండా దీన్ని అమ్మకూడదు. కానీ చాలాచోట్ల అడిగితే ఇచ్చేస్తారు. ఈ మందుల వల్ల వచ్చే ఇబ్బందుల్లో పెద్ద భాగం మందులోంచి పుట్టినది కాదు, ఎన్ని వారాలైందో, గర్భం ఎక్కడ ఉందో చూడకుండా వేసుకోవడంలోంచి పుట్టినది.

గర్భం నిలవడానికి ప్రొజెస్టిరోన్ అనే హార్మోన్ కావాలి. మిఫెప్రిస్టోన్ ఆ హార్మోన్ పనిని అడ్డుకుంటుంది. దాంతో గర్భసంచి లోపలి పొర పట్టు వదులుతుంది, గర్భసంచి ముఖద్వారం మెత్తబడుతుంది. ఇదంతా జరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, రెండో మందును వెంటనే వేయకపోవడానికి కారణం అదే. మిసోప్రొస్టోల్ మొదట కడుపులో పుండ్ల కోసం తయారైన మందు. అది గర్భసంచి కండరాన్ని గట్టిగా ముడుచుకునేలా చేసి లోపలున్నదాన్ని బయటికి నెడుతుంది. మొదటి బిళ్ళ వేసుకున్నాక కొందరికి కాస్త రక్తం కనిపిస్తుంది. అది చూసి పని అయిపోయిందనుకుని రెండో మందు మానేయకూడదు.

ఎవరికి తగును

భారతదేశంలో ఈ మందులతో గర్భస్రావానికి 2021 నాటి నిబంధనల ప్రకారం గరిష్ఠ గడువు తొమ్మిది వారాలు, అంటే 63 రోజులు. దీన్ని లెక్కించేది భార్యాభర్తలు కలిసిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదలైన రోజు నుంచి. ఈ తేడా తెలియక రెండు వారాలు తక్కువ లెక్కేసుకునేవారు చాలామంది. నెలసరి సక్రమంగా రానివారిలో, బాలింతల్లో, తేదీ గుర్తులేనివారిలో ఈ లెక్క నమ్మదగ్గది కాదు. వారికి స్కానింగ్ తప్పదు.

చట్టం ప్రకారం ఈ మందులు రాయాల్సింది గర్భస్రావ చట్టం కింద అర్హత ఉన్న రిజిస్టర్డ్ డాక్టరు. మన పల్లెల్లో ఆర్‌ఎంపీలని పిలుచుకునేవారు ఈ కోవలోకి రారు. డాక్టరు తన క్లినిక్‌లోనే మందులు రాయవచ్చు. అయితే అవసరమైతే పంపడానికి ప్రభుత్వ అనుమతి ఉన్న ఆసుపత్రి ఒకటి అందుబాటులో ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ సంతకం ఒక్కటి చాలు. భర్త, తండ్రి, అత్తగారి అంగీకారం చట్టం అడగదు. మైనర్ల విషయంలోనూ, మానసిక అనారోగ్యం ఉన్నవారి విషయంలోనూ సంరక్షకుల సంతకం కావాలి. గర్భనిరోధకం విఫలమవడం అనే కారణం 2021 సవరణ తరువాత పెళ్ళికాని స్త్రీలకూ వర్తిస్తుంది. ఆమె పేరు, వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత.

డాక్టరు తేల్చుకోవలసిన ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది గర్భం గర్భసంచిలోనే ఉందా అన్నది. అండం వచ్చే ట్యూబులో గర్భం నిలిస్తే ఈ మందులు దాన్ని తొలగించలేవు. మిసోప్రొస్టోల్‌కు గర్భసంచి స్పందించి కాస్త రక్తం మాత్రం పోతుంది. ఆమె అయిపోయిందనుకుని ఊరుకుంటుంది. ట్యూబులో గర్భం పెరిగి, ఒకరోజు ట్యూబు పగిలి, కడుపులోపల రక్తస్రావం అవుతుంది. పైకి కనిపించే రక్తం తక్కువే కనుక ఎవరూ కంగారుపడరు. సొంతంగా కిట్ కొనుక్కుని వాడటంలో అన్నిటికంటే పెద్ద ముప్పు ఇదే. ఇంతకుముందు ఇలాంటి గర్భం వచ్చినవారికి, ట్యూబులకు ఆపరేషన్ అయినవారికి, కాపర్‌-టి ఉండగానే గర్భం వచ్చినవారికి స్కానింగ్ తరువాతే ఈ మాట ఎత్తాలి. కాపర్‌-టి ఉంటే ముందు తీసేయాలి.

రక్తం గడ్డకట్టని జబ్బులున్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడేవారు, అడ్రినల్ గ్రంథి పనిచేయనివారు, పోర్ఫిరియా అనే వంశపారంపర్య వ్యాధి ఉన్నవారు దీనికి తగరు. హిమోగ్లోబిన్ 8 గ్రాముల కన్నా తక్కువుంటే వైద్యులు ఈ పద్ధతికి ఒప్పుకోరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది కనుక, ఈ ఒక్క రక్తపరీక్షను తేలిగ్గా తీసుకోకూడదు. ఒకసారి సిజేరియన్ అయినంత మాత్రాన తొలి వారాల్లో ఈ మందులు వాడకూడదనేం లేదు. పాలిచ్చే తల్లులూ వాడవచ్చు.

ఎంత రక్తం పోవడం మామూలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక స్త్రీకి చివరి నెలసరి జూన్ 3న మొదలైంది. జూలై 18న డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి 45 రోజులు, అంటే ఆరు వారాల మూడు రోజులు. గర్భం గర్భసంచిలోనే ఉంది, హిమోగ్లోబిన్ 10.5. ఆ ఉదయం మిఫెప్రిస్టోన్ మింగింది. ఆ రోజూ మర్నాడూ కాస్త వికారం తప్ప ఏమీ లేదు. జూలై 20 ఉదయం పది గంటలకు నాలుగు మిసోప్రొస్టోల్ బిళ్ళలు, డాక్టరు చెప్పినట్టు, రెండు బుగ్గల్లో రెండేసి పెట్టుకుని, అరగంట తరువాత మిగిలింది నీళ్ళతో మింగింది. నొప్పి కోసం ముందే ఐబుప్రొఫెన్ వేసుకుంది. అది వేసుకుంటే గర్భస్రావం ఆగిపోతుందన్న భయం అక్కర్లేదు.

పన్నెండు గంటలకు పొత్తికడుపులో నొప్పి మొదలైంది, ఒంటిగంటకు రక్తం. మధ్యాహ్నమంతా నెలసరి కన్నా బాగా ఎక్కువగా పోయింది, పెద్ద గడ్డలు కూడా పడ్డాయి. ఒక గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసింది, తరువాతి గంటలో సగమే. చలి, వణుకు, 100 డిగ్రీల జ్వరం, రెండు విరేచనాలు అయ్యాయి. సాయంత్రం ఆరింటికి ఒక పెద్ద గడ్డ పడి, నొప్పి ఒక్కసారిగా తగ్గింది. రాత్రికి రక్తం నెలసరి స్థాయికి దిగింది. ఇదంతా మామూలే. నిమ్మకాయంత గడ్డలు పడటం, మొదటి రోజు చలిజ్వరం రావడం మిసోప్రొస్టోల్ వల్లనే. ఆరు వారాల గర్భం గడ్డల్లో కలిసిపోయి విడిగా కనిపించదు. తొమ్మిది వారాలకు దగ్గరపడ్డప్పుడు చిన్న కణజాలం కనిపించవచ్చు, ఆ సంగతి డాక్టరు ముందే చెప్పి ఉంచడం మంచిది.

తరువాతి రోజుల్లో రక్తం తగ్గుతూ వస్తుంది. చాలామందికి రెండు వారాల వరకు ఎంతో కొంత కనిపిస్తుంది, కొందరికి మరకలుగా నెల దాకా ఉంటుంది. మధ్యలో ఒకరోజు ఆగి మళ్ళీ రావడం కూడా ఉంటుంది. చూడాల్సింది రోజుల సంఖ్య కాదు, మొత్తం మీద తగ్గుముఖం పడుతోందా అన్నది.

ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి

పెద్ద ప్యాడ్లు గంటకు రెండు లేదా అంతకన్నా ఎక్కువ చొప్పున, వరుసగా రెండు గంటలు పూర్తిగా తడిస్తే ఇక ఆగకూడదు. గుడ్డ వాడేవారికి ఈ లెక్క కుదరదు కనుక ఆ రోజుకైనా ప్యాడ్లు వాడమని చెప్పడం డాక్టర్ల అలవాటు. ఈ లెక్కకు అందకపోయినా, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, గుండె దడ, చెమటలు, స్పృహ తప్పడం ఉంటే అదీ అత్యవసరమే. 108కి ఫోన్ చేయాలి. హిమోగ్లోబిన్ తక్కువున్న స్త్రీ ఇతరుల కన్నా ముందే ఈ స్థితికి వస్తుంది.

ఒకవైపే తీవ్రమైన కడుపునొప్పి, దానితోపాటు భుజం చివర నొప్పి ఉంటే ట్యూబులో గర్భాన్ని అనుమానించాలి. కడుపులో చేరిన రక్తం పైనున్న కండర పొరను చికాకుపెట్టడం వల్ల ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. రక్తం తక్కువగా పోతున్నా ఇది ప్రాణాపాయమే.

జ్వరం విషయంలో కాలం ముఖ్యం. మిసోప్రొస్టోల్ వేసుకున్న రోజు వచ్చి పోయే జ్వరం మందుదే. ఒక రోజు దాటాక కూడా 100.4 డిగ్రీలు, ఆపైన ఉంటే, లేదా కొన్ని రోజుల తరువాత కొత్తగా వస్తే, దుర్వాసనతో స్రావం అవుతుంటే ఇన్ఫెక్షన్ అనుకోవాలి. అరుదైనదే అయినా మరొకటుంది. జ్వరం లేకుండానే ఒక రోజు దాటాక వాంతులు, విరేచనాలు, విపరీతమైన నీరసం, కడుపునొప్పి తగ్గకపోతే, అది కూడా తీవ్రమైన ఇన్ఫెక్షన్ కావచ్చు. ఏదో తిన్నది పడలేదని సర్దుకోకూడదు.

మిసోప్రొస్టోల్ వేసుకుని 24 గంటలైనా రక్తం రాకపోతే, లేక మరకలతో సరిపోతే, మందు పనిచేయలేదనో గర్భం వేరేచోట ఉందనో అర్థం. మరో కిట్ కొని వేసుకోవడం ఇక్కడ చేసే పెద్ద పొరపాటు. ఆసుపత్రికి ఏ కారణంతో వెళ్ళినా ఏ మందు, ఏ తేదీన వేసుకుందీ దాచకుండా చెబితే చికిత్స ఆలస్యం కాదు.

పూర్తయిందో లేదో తెలుసుకోవడం

తొమ్మిది వారాల లోపు సరిగ్గా వాడితే వందలో 95 మందికి పైగా ఆపరేషన్ అవసరం లేకుండానే గర్భస్రావం పూర్తవుతుంది. కొందరిలో కొంత లోపల మిగిలిపోతుంది, అతి కొద్దిమందిలో గర్భం కొనసాగుతుంది. కొనసాగిన గర్భాన్ని అలాగే ఉంచుకుంటే, మిసోప్రొస్టోల్ ప్రభావంతో పుట్టే బిడ్డకు కాళ్ళుచేతుల్లో, ముఖ నరాల్లో లోపాలు వచ్చే అవకాశం ఉంది. అందుకే పదిహేనో రోజు పరీక్ష మానకూడదు. మన ఉదాహరణలోని స్త్రీకి అది ఆగస్టు 1.

మూత్ర పరీక్ష తొందరపడి చేస్తే తప్పుదోవ పట్టిస్తుంది. గర్భం పోయినా హార్మోన్ శరీరంలోంచి పోవడానికి వారాలు పడుతుంది కనుక నాలుగు వారాల వరకు రెండు గీతలు రావచ్చు. ఆమె ఆ పరీక్ష ఆగస్టు 15 ప్రాంతంలో చేసుకోవాలి. వికారం, రొమ్ముల సలపరం తగ్గకపోవడం మాత్రం అంతకుముందే డాక్టరుకు చెప్పవలసిన గుర్తులు. స్కానింగ్‌లో గర్భసంచిలో కాస్త గడ్డ, మందమైన పొర కనిపించగానే డి అండ్ సి అనడం కూడా సరికాదు. రక్తం తగ్గుతూ, నొప్పి, జ్వరం లేకుండా ఉంటే ఆ మిగిలింది చాలావరకు తనంతట తానే పోతుంది.

తరువాతి నెలసరి నాలుగు నుంచి ఆరు వారాల్లో వస్తుంది. అండం విడుదల మాత్రం దానికి ముందే, కొందరిలో పది రోజుల లోపే జరుగుతుంది. గర్భనిరోధక మాత్రలు మిసోప్రొస్టోల్ వేసుకున్న రోజే మొదలుపెట్టవచ్చు. కాపర్‌-టి వేయడానికి గర్భస్రావం పూర్తయిందని తేలాలి.